లోహపు గోళం లోపల పక్కకు జరిగిన ఛార్జ్: లోపలి గోడ మీద −1 ఆ, −2 ఆ?

కూకట్‌పల్లి_నాన్న

అందరికీ నమస్కారం. మా వాడు ఇంటర్ రెండో సంవత్సరం. నిన్న రాత్రి పదకొండింటికి ఒక లెక్క పట్టుకొచ్చి నా ముందు పెట్టాడు. నేను డిగ్రీలో ఫిజిక్స్ చదివినవాణ్ణే కానీ ఆ తర్వాత ఇరవై ఏళ్లుగా బ్యాంకు లెడ్జర్లు తప్ప ఏమీ చూడలేదు, అందుకే మీ దగ్గరికి వచ్చాను.

లెక్క ఇది. 30 సెం.మీ. వ్యాసార్ధం ఉన్న లోహపు గోళం, మొత్తం మీద ఛార్జ్ లేదు, దేనికీ తగలకుండా ఉంది. దాని లోపల 10 సెం.మీ. వ్యాసార్ధం ఉన్న గుండ్రటి క్యావిటీ. క్యావిటీ మధ్యబిందువు గోళం మధ్యబిందువుకు 10 సెం.మీ. కుడివైపు ఉంది. క్యావిటీలో, దాని మధ్య నుంచి ఇంకో 5 సెం.మీ. కుడికి, +1 నానోకూలుంబ్ ఛార్జ్. అడిగింది: లోపలి గోడ మీద ఎంత ఛార్జ్, బయటి ఉపరితలం మీద ఎంత, అది ఎలా పరుచుకుంటుంది, క్యావిటీ మధ్యలో పొటెన్షియల్ ఎంత, ఆ ఛార్జ్ మీద బలం ఎంత.

కోచింగ్ మెటీరియల్‌లో జవాబు: లోపల −1, బయట +1 సమంగా, పొటెన్షియల్ 120 వోల్టులు. అంతే, ఎందుకో ఒక్క ముక్క రాయలేదు. మా వాడు ఇమేజ్ ఛార్జ్ పద్ధతి ఎక్కడో వీడియోలో చూసి నేర్చుకున్నాడు. దాని ప్రకారం ఇమేజ్ −2 నానోకూలుంబ్ వస్తోంది, కాబట్టి లోపలి గోడ మీద −2, బయట +2 అంటాడు. పైగా ఆ ఇమేజ్ క్యావిటీ మధ్య నుంచి 20 సెం.మీ. దూరంలో పడుతోంది, అంటే సరిగ్గా గోళం బయటి చర్మం మీద కుడివైపున, కాబట్టి బయటి ఛార్జ్ అంతా అక్కడే గుమిగూడాలి అని ఇంకో వాదన. నేను కాదన్నాను కానీ ఎందుకు కాదో చెప్పలేకపోయాను. ఇద్దరం అలిగి పడుకున్నాం.

శ్రీను_మెకానికల్

అన్నా ఇది సింపుల్. గాస్ నియమం పెట్టు. లోహం మందంలో ఒక మూసిన ఉపరితలం గీస్తే అక్కడ ఫీల్డ్ సున్నా, కాబట్టి లోపల ఉన్న మొత్తం ఛార్జ్ సున్నా, +1 ఉంది కాబట్టి గోడ మీద −1. −2 అనేది తప్పు. ఇమేజ్ పద్ధతి భూమికి కలిపిన కండక్టర్లకే, ఇక్కడ పనికిరాదు, ఆ వీడియో మర్చిపొమ్మను. కానీ బయట సమంగా ఉంటుందనే మాట నేను నమ్మను. కుడివైపు గోడ మందం 10 సెం.మీ., ఎడమవైపు 30. ఛార్జ్ కూడా కుడివైపే జరిగి ఉంది. కుడివైపు బయట ఎక్కువ ఉండి తీరాలి, మెటీరియల్ వాళ్లు లెక్క తేలిక కావడానికి సమం అని పెట్టేసుకున్నారు.

కేబుల్_రాజు

క్యావిటీ అనగానే వచ్చాను. నేను జీడిమెట్లలో రెసిన్ పోతపోసిన ట్రాన్స్‌ఫార్మర్ల టెస్టింగ్‌లో ఉంటాను. రెసిన్‌లో సూది మొనంత గాలి బుడగ ఉన్నా అందులో ఫీల్డ్ చుట్టూ ఉన్నదానికంటే ఎక్కువై చిన్న చిన్న డిశ్చార్జిలు మొదలవుతాయి, కొన్నాళ్లకు ఇన్సులేషన్ తినేస్తుంది. మీ లెక్కలో కూడా క్యావిటీ లోపల ఫీల్డ్ పెరుగుతుంది అని చూసుకోండి.

దీప్తి_తార్నాక

రాజు గారూ, మీది ఇన్సులేటర్‌లో బుడగ. ఇక్కడ చుట్టూ ఉన్నది లోహం. మీ బుడగలో ఫీల్డ్ బయటి నుంచి వస్తుంది, ఇక్కడ బయటి నుంచి ఏమీ రాదు, లోపల కూర్చున్న ఛార్జే మొత్తం ఫీల్డ్ చేస్తోంది. రెండూ ఒకటి కావు.

శ్రీను గారూ, −1 కరెక్టే. మిగతా రెండూ ఒప్పుకోలేను. ఇమేజ్ పద్ధతి ఇక్కడ పనిచేస్తుంది. బయట సమంగా ఉండడం కూడా నిజమే. ఎమ్మెస్సీ మొదటి సెమిస్టర్‌లో చేశాం. కానీ "ఎందుకు" అనేది మాటల్లో చెప్పడం నాకు రావట్లేదు, బోర్డు మీద యూనిక్‌నెస్ సిద్ధాంతం అని రాసి వదిలేశారు.

శ్రీను_మెకానికల్

బోర్డు మీద రాసింది నమ్మను అక్కా. దగ్గరగా ఉన్నదానికి ఎక్కువ లాగుడు, ఇందులో తప్పేముంది?

నల్లకుంట_మాస్టారు

శ్రీను గారూ, తప్పేమీ లేదు, కానీ ఆ మాట లోపలి గోడకు చెప్పాల్సింది, మీరు బయటి గోడకు చెబుతున్నారు.

ఒక పని చేద్దాం. కాసేపు గోళం బయటి అంచు సంగతి మర్చిపోండి. క్యావిటీ చుట్టూ ఎటు చూసినా అంతం లేని లోహమే ఉంది అనుకోండి. మధ్యలో మన గుండ్రటి గది, గదిలో కుడికి జరిగి ఒక పాజిటివ్ ఛార్జ్. లోహంలో స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లు ఆ ఛార్జ్ వైపు వచ్చి గది గోడకు అంటుకుంటాయి. ఎంతవరకు వస్తాయి? లోహంలో ఇంకే మూలా లాగుడు మిగలనంతవరకు. ఎక్కడో కొంచెం ఫీల్డ్ మిగిలితే ఇంకో నాలుగు ఎలక్ట్రాన్లు కదులుతాయి, దాన్ని కూడా చంపేస్తాయి. చివరికి గోడ మీద మొత్తం −1, కుడివైపు దట్టంగా ఎడమవైపు పలచగా, ఎలా సర్దుకుంటుందంటే ఆ గోడా ఆ ఛార్జూ కలిపి గది బయట ప్రతి బిందువు దగ్గరా సున్నా ఫీల్డ్ చేస్తాయి. ఒక్క లోహంలోనే కాదు, ఆ రెండింటికీ కలిపి గది బయట ఎక్కడా ఫీల్డ్ లేదు.

ఇప్పుడు ఉలి తీసుకుని 30 సెం.మీ. గోళం మిగిలేలా చుట్టూ ఉన్న లోహాన్ని చెక్కేయండి. చెక్కేసిన చోట ముందే ఫీల్డ్ లేదు, ఛార్జ్ లేదు. కాబట్టి లోపల ఏమీ చెదరదు. మిగిలింది ఒక్కటే పని, గోళం మొత్తం మీద ఛార్జ్ లేదు అని లెక్కలో చెప్పారు, గోడ మీద −1 పోయింది కాబట్టి ఎక్కడో +1 ఉండాలి, అది బయటి ఉపరితలం మీదికి వస్తుంది. ఆ +1 కి లోపల జరుగుతున్నదేమీ తెలియదు. లోపలి ఛార్జ్, లోపలి గోడ కలిపి దాని మీద చేసే లాగుడు సున్నా. తెలియనివాడు ఎటు మొగ్గుతాడు? ఎటూ మొగ్గడు. గట్టి గోళం మీద ఛార్జ్ పోస్తే ఎలా పరుచుకుంటుందో అలాగే సమంగా పరుచుకుంటుంది.

గోడ మందం 10 సెం.మీ. అయినా ఒక మిల్లీమీటర్ అయినా అంతే. గది కుడికి ఉన్నా ఎడమకు ఉన్నా అంతే.

శ్రీను_మెకానికల్

మాస్టారూ ఉలి బాగుంది. అంటే లోహం ఫీల్డ్‌ను అడ్డుకుంటోంది, తలుపులాగా. సరే ఒప్పుకున్నా.

నల్లకుంట_మాస్టారు

అడ్డుకోవడం కాదు నాయనా. ఆ +1 ఫీల్డ్ లోహంలోంచి, గోళంలోంచి దాటి ముషీరాబాద్ దాకా వెళ్తూనే ఉంది, కూలుంబ్ నియమం గోడ చూసి ఆగదు. గోడ మీది −1 కూడా తన ఫీల్డ్ పంపుతోంది. రెండూ కలిసి కొట్టేసుకుంటున్నాయి. ఇది పంతులుగారి సణుగుడు అనుకోకండి, తలుపు అనుకుంటే రేపు పొటెన్షియల్ లెక్కలో తప్పు చేస్తారు.

కూకట్‌పల్లి_నాన్న

మాస్టారూ, బయటి సంగతి మా వాడికి చదివి వినిపించాను, ఒప్పుకున్నాడు. కానీ −2 సంగతి వదలట్లేదు. వాడి మాటల్లోనే రాస్తున్నాను: "గోళం బయట ఛార్జ్ పెట్టే లెక్కలో ఇమేజ్ ఎంత వస్తే ప్రేరిత ఛార్జ్ అంతే అని పుస్తకంలో ఉంది. మరి లోపల పెట్టే లెక్కలో మాత్రం ఇమేజ్ ఒకటి, ప్రేరిత ఛార్జ్ ఇంకొకటి ఎలా అవుతాయి?"

దీప్తి_తార్నాక

ఈ పిల్లవాడి డౌట్ చాలా మంచిది. నాకు కూడా ఇది ఎప్పుడూ క్లియర్ కాలేదు. క్యావిటీ వ్యాసార్ధం a, ఛార్జ్ జరిగిన దూరం b అయితే ఇమేజ్ `−q·a/b`, స్థానం క్యావిటీ మధ్య నుంచి `a²/b`. a = 10, b = 5 పెడితే −2, 20 సెం.మీ. వాడి లెక్క తప్పు లేదు.

నల్లకుంట_మాస్టారు

లెక్క తప్పు లేదు, లెక్కకు అర్థం చెప్పడంలో ఉంది తిరకాసు.

ఇమేజ్ అంటే ఏమిటి? గోడ మీద వందల కోట్ల ఎలక్ట్రాన్లు పరుచుకుని ఉన్నాయి. గదిలో కూర్చున్నవాడికి వాటన్నిటి ప్రభావం కలిపి ఎలా కనిపిస్తుందంటే, గోడ అవతల 20 సెం.మీ. దగ్గర ఒక్క −2 ఉన్నట్టు. గదిలో ఉన్నవాడికి మాత్రమే. ఆ బొమ్మ గది దాటితే చెల్లదు. ఇప్పుడు అదే గోడను బయట నుంచి, అంటే లోహంలోంచి చూడండి. ఇందాక ఉలి కథలో ఏం చెప్పుకున్నాం? గది బయట గోడా ఛార్జూ కలిపి సున్నా. అంటే బయట నుంచి చూసేవాడికి ఆ గోడ మొత్తం, +1 ఉన్న చోటే కూర్చున్న −1 లాగా కనిపించాలి, లేకపోతే కొట్టేసుకోవు.

ఒకే గోడ, అవే ఎలక్ట్రాన్లు. లోపలి వాడికి 20 సెం.మీ. దగ్గర −2, బయటి వాడికి 5 సెం.మీ. దగ్గర −1. ఎంత ఛార్జ్ ఉందో లెక్కపెట్టాలంటే దాన్ని బయట నుంచి చుట్టుముట్టి గాస్ ఉపరితలం గీయాలి కదా, అప్పుడు చూసేవాడు బయటివాడే, అందుకే జవాబు −1. బాబు పుస్తకంలో చదివిన లెక్కలో ఛార్జ్ గోళం బయట ఉంటుంది, ఇమేజ్ గోళం లోపల పడుతుంది, దాన్ని బయట నుంచే చుట్టుముడతాం, కాబట్టి అక్కడ ఇమేజూ ప్రేరిత ఛార్జూ సరిపోయాయి. ఇక్కడ ఇమేజ్ గది బయట పడింది, గది చుట్టూ గీసిన ఉపరితలంలోకి అది రానే రాదు. సరిపోవడం ఆ లెక్క అదృష్టం, నియమం కాదు.

ఇంక బయటి చర్మం మీద పడింది అన్న మాట. అది ఈ అంకెల చిలిపితనం. ఛార్జ్‌ను 8 సెం.మీ.కి జరిపితే ఇమేజ్ 12.5 సెం.మీ. దగ్గర, లోహం మందంలో పడుతుంది. 2 సెం.మీ. దగ్గర పెడితే 50 సెం.మీ. దగ్గర, గోళం దాటి గాలిలో. ప్రశ్న తయారుచేసినాయన కావాలనే 20 వచ్చేలా పెట్టాడేమోనని నాకు అనుమానం.

దీప్తి_తార్నాక

మాస్టారూ, "లోపలికి −2, బయటికి −1" అనేది నమ్మబుద్ధి కాక కంప్యూటర్‌తో గోడను ముక్కలు చేసి కూడి చూశాను. గోడ మీద సాంద్రత సూత్రం నోట్సులోంచి తీసుకున్నాను:

`σ = −(q/4πa)·(a² − b²)/(a² + b² − 2ab·cosθ)^(3/2)`

```python
import numpy as np
a, b, q, k = 0.10, 0.05, 1e-9, 9e9
n = 200000
u = -1 + (np.arange(n) + 0.5)*2/n      # u = cos(theta)
s = -(q/(4*np.pi*a))*(a*a-b*b)/(a*a+b*b-2*a*b*u)**1.5
dq = s*2*np.pi*a*a*2/n
def V(z): return k*np.sum(dq/np.sqrt(a*a+z*z-2*a*z*u))
print(dq.sum(), V(0.25), V(-0.05))
```

z అంటే క్యావిటీ మధ్య నుంచి కుడికి దూరం, మీటర్లలో. ఇది ఒక్క లోపలి గోడ ఛార్జ్ చేసే పొటెన్షియల్. మొత్తం ఛార్జ్ −1 నానోకూలుంబ్ వచ్చింది. క్యావిటీ బయట 25 సెం.మీ. దగ్గర −45 వోల్టులు: 5 సెం.మీ. దగ్గర −1 ఉంటే, దూరం 20 సెం.మీ., సరిగ్గా −45. క్యావిటీ లోపల ఎడమవైపు 5 సెం.మీ. దగ్గర −72: 20 సెం.మీ. దగ్గర −2 ఉంటే, దూరం 25 సెం.మీ., సరిగ్గా −72. రెండు ముఖాలూ నిజమే! రెండేళ్లుగా వాడుతున్న సూత్రం ఇవాళ అర్థమైంది.

ఇంకొకటి, కుడివైపు అతి దగ్గర బిందువులో సాంద్రత ఎడమవైపు అతి దూర బిందువు కంటే 27 రెట్లు. మూడు రెట్లు దూరం, దాని ఘనం. ఛార్జ్ ఉన్న వైపు సగం గోడ మీదే మొత్తం ప్రేరిత ఛార్జ్‌లో దాదాపు 83 శాతం ఉంది. శ్రీను గారి "దగ్గరకు ఎక్కువ లాగుడు" ఇక్కడ ఉంది.

శ్రీను_మెకానికల్

హమ్మయ్య, నాకూ కొంచెం మార్కులు పడ్డాయి. కానీ బలం సంగతి చెప్పండి. గుల్ల గోళం లోపల ఫీల్డ్ సున్నా అని చదువుకున్నాం. గోడ గుండ్రటి గుల్లే కదా, మరి ఛార్జ్ మీద బలం సున్నా కావాలి.

నల్లకుంట_మాస్టారు

సమంగా పరిచిన గుల్లకు ఆ మాట. బయటి ఉపరితలం మీది +1 సమంగా ఉంది కాబట్టి అది లోపల బలం ఏమీ చేయదు, అక్కడి వరకు మీరు రైటే. లోపలి గోడ మీద 27 రెట్ల తేడా ఉందని ఇప్పుడే దీప్తి చెప్పింది. అది లాగుతుంది, దగ్గరి గోడ వైపు, అంటే కుడికి.

లోపలి వాడి ఇమేజ్ ఇక్కడే అక్కరకొస్తుంది. +1 కూ −2 కూ మధ్య 15 సెం.మీ. 9×10⁹ ను 2×10⁻¹⁸ తో గుణించి 0.0225 తో భాగిస్తే 8×10⁻⁷ న్యూటన్. 0.08 మిల్లీగ్రాముల బరువంత.

ఛార్జ్‌ను సరిగ్గా మధ్యలో పెడితే బలం సున్నా, కానీ అది నిలబడే సున్నా కాదు. వెంట్రుకవాసి కదిలితే కదిలినవైపే లాగుతుంది, లాగేకొద్దీ ఎక్కువ లాగుతుంది.

కూకట్‌పల్లి_నాన్న

పొటెన్షియల్ ఒక్కటి మిగిలింది. మా వాడు ఇమేజ్ పద్ధతితో చేస్తే 90 వోల్టులే వస్తోంది, మెటీరియల్‌లో 120.

నల్లకుంట_మాస్టారు

ఆ 30 బయటి గోడది. తలుపు అనుకుంటే తప్పు చేస్తారని అన్నది ఇందుకే. బయటి +1 లోపల బలం చేయదు కానీ పొటెన్షియల్ చేస్తుంది, గోళం లోపల ప్రతి చోటా ఒకటే, 9ని 0.3తో భాగిస్తే 30 వోల్టులు. శ్రీను గారు మొదట్లో అన్న "భూమికి కలిపితేనే ఇమేజ్" అనే మాటలో ఉన్న సగం నిజం కూడా ఇదే. ఇమేజ్ పద్ధతి గోడను సున్నా వోల్టుల దగ్గర పెట్టుకుని లెక్క చేస్తుంది. మన గోళం ఏ భూమికీ తగల్లేదు, దాని గోడ 30 వోల్టుల దగ్గర ఉంది. కాబట్టి వచ్చిన జవాబుకు 30 కలుపుకోవాలి, అంతే. గోళానికి వేలు తగిలిస్తే బయటి +1 మన ఒంట్లోంచి నేలలోకి పోతుంది, అప్పుడు బాబు 90 కరెక్ట్.

ఇమేజ్ లేకుండా కూడా సరిచూసుకోవచ్చు. లోపలి గోడ మీది ప్రతి ఎలక్ట్రాన్ క్యావిటీ మధ్యకు సరిగ్గా 10 సెం.మీ. దూరంలోనే ఉంది, దట్టంగా ఉన్నా పలచగా ఉన్నా. కాబట్టి గోడ వల్ల −90. ఛార్జ్ వల్ల 9ని 0.05తో భాగిస్తే 180. బయటి గోడ వల్ల 30. మూడూ కలిపితే 120. ఇంటర్ పరీక్షలో ఇదే దారి, ఇమేజ్ అవసరం లేదు.

కూకట్‌పల్లి_నాన్న

వాడు "ఛ, ఇంతేనా" అన్నాడు. ఈ ఇంట్లో అంతకంటే పెద్ద ఒప్పుకోలు ఉండదు.

మలక్‌పేట_టీచరమ్మ

ఆలస్యంగా చూశాను. నేను హైస్కూల్‌లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. ఇది పిల్లలకు చూపించాలని పోయిన జనవరిలో ఒక ప్రయత్నం చేశాను, అందులో ఒక అనుమానం అలాగే ఉండిపోయింది. 1843లో ఫారడే మంచు పెట్టుకునే లోహపు బకెట్‌లోకి ఛార్జ్ చేసిన ఇత్తడి గుండును పట్టుదారంతో దించాడు కదా, అదే మా అమ్మ ఇత్తడి బిందెతో చేశాను. స్టీలు డబ్బా కంటే బిందె నయం, మూతి ఇరుకు, పొట్ట వెడల్పు. బిందెను థర్మాకోల్ దిమ్మ మీద పెట్టి, బిందె బయటి అంచు నుంచి ఒక తీగ తీసి సీసాలో వేలాడే రెండు అల్యూమినియం రేకు ఆకులకు కలిపాను. టేబుల్ టెన్నిస్ బంతికి అదే రేకు చుట్టి నైలాన్ దారంతో కట్టి, ఉన్ని గుడ్డతో రుద్దిన పీవీసీ పైపు నుంచి ఛార్జ్ ఎక్కించాను.

బంతిని బిందె పొట్టలోకి దించగానే ఆకులు విచ్చుకున్నాయి. లోపల బంతిని అటూ ఇటూ గోడల దగ్గరికి జరిపితే ఆకులు కదల్లేదు. పిల్లలు మూడుసార్లు చేయించారు. మెడ దగ్గరికి లాగితే మాత్రం తగ్గిపోయాయి. అసలు అనుమానం ఇది: చివర్లో బంతిని లోపలి గోడకు తగిలించాను, ఏదో జరుగుతుందని అందరం చూశాం, ఆకులు ఉన్నచోటే ఉన్నాయి. బంతి తీసి చూస్తే బంతిలో ఛార్జ్ లేదు. ప్రయోగం చెడిందనుకుని ఆపేశాను.

నల్లకుంట_మాస్టారు

అమ్మా, చెడలేదు, అంతకంటే చక్కగా రాదు. బంతి మీది ఛార్జూ లోపలి గోడ మీది వ్యతిరేక ఛార్జూ సమానం కాబట్టి తగలగానే ఒకదాన్నొకటి మింగేశాయి, ఏమీ మిగల్లేదు. బయటి గోడ మీద ముందే వచ్చి కూర్చున్న ఛార్జ్ అలాగే ఉంది, ఆకులెందుకు కదులుతాయి? గోడ మీద ప్రేరిత ఛార్జ్ −2 అయి ఉంటే, బయట +2 ఉండి, తగలగానే లోపల కొంత మిగిలి అది బయటికొచ్చి ఆకులు ముడుచుకోవాలి. మీ ఆకులు కదలకపోవడమే ఈ చర్చ మొత్తానికి జవాబు.

మెడ దగ్గర తగ్గడం మూతి వల్ల. మూతి తెరిచి ఉంది కాబట్టి బంతి పైకి వచ్చేకొద్దీ దాని ఫీల్డ్‌లో కొంత భాగం గోడకు తగలకుండా బయటికి, మీ చేతికి, పైకప్పుకు పోతుంది, అప్పుడు గోడ మీద ప్రేరితమైనది తక్కువ. పొట్టలో లోతుగా ఉన్నప్పుడు ఆ పోయేది లెక్కలోకి రానంత తక్కువ.

మలక్‌పేట_టీచరమ్మ

అయ్యో, నేను ఆ బంతి తగిలించిన సంగతి పిల్లలకు "పొరపాటు" అని చెప్పాను. మళ్లీ చేయాలి. జూలైలో ఒకసారి మొదలుపెడితే వానకు దారం మీది తేమలోంచే ఛార్జ్ జారిపోయి ఆకులు అరనిమిషం నిలవలేదు, చలికాలం దాకా ఆగాలేమో.

కేబుల్_రాజు

టీచర్ గారూ, దారాన్ని, థర్మాకోల్‌ను హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టి వెంటనే చేయండి. మా టెస్ట్ రూమ్‌లో వానాకాలం ఇదే గోల, ఇన్సులేటర్ తుడవకుండా రీడింగ్ తీస్తే అంతా లీకేజీయే. ఇందాక ప్రశ్న సరిగా చదవకుండా రాశాను, ఏమీ అనుకోకండి.

దీప్తి_తార్నాక

నాకొక వింత కనిపించింది. ఛార్జ్‌ను 5 నుంచి 8 సెం.మీ.కి జరిపితే ఇమేజ్ −2 నుంచి −1.25కి తగ్గుతుంది. కానీ బలం 8×10⁻⁷ నుంచి 5.6×10⁻⁶కి, దాదాపు ఏడు రెట్లు పెరుగుతుంది. ఇమేజ్ చిన్నదైనా దగ్గరికి వచ్చేసింది కాబట్టి. గోడకు ఇంకా దగ్గరైతే ఇమేజ్ −1 వైపు వెళ్తుంది, గోడ బల్లపరుపుగా కనిపించడం మొదలవుతుంది, అద్దంలో బొమ్మలాగా. క్యావిటీ మధ్యలో పొటెన్షియల్ మాత్రం 120 నుంచి 52.5కి పడుతుంది. గోళం బయట? 60 సెం.మీ. దగ్గర అప్పుడూ 15 వోల్టులే, ఇప్పుడూ 15 వోల్టులే.

శ్రీను_మెకానికల్

మరి బయట నిలబడ్డవాడికి లోపల ఛార్జ్ ఎక్కడుందో తెలుసుకునే దారే లేదా? జరుపుతున్నప్పుడు కూడా తెలియదా? గోడలో ఎలక్ట్రాన్లు పరిగెత్తుతాయి కదా, కరెంటు అన్నాక అయస్కాంత ఫీల్డ్ ఉండాలి, అది రాగి గోడలోంచి బయటికి వస్తుంది.

నల్లకుంట_మాస్టారు

మంచి మెలిక పెట్టారు. నెమ్మదిగా, సూటిగా, రెండు మధ్యబిందువుల గీత వెంబడే జరిపితే బయట అయస్కాంత ఫీల్డ్ కూడా రాదని చూపించవచ్చు. ఆ గీత చుట్టూ అంతా ఒకేలా ఉంటుంది, బయట విద్యుత్ ఫీల్డ్ మారట్లేదు, కరెంటూ లేదు, కాబట్టి ఆంపియర్ నియమం పెడితే సున్నా. కానీ ఛార్జ్‌ను లోపల గుండ్రంగా తిప్పితే అది చిన్న కరెంటు చుట్టలాంటిది. నెమ్మదిగా తిప్పితే దాని అయస్కాంత ఫీల్డ్ బయటికి రావాలనే నా లెక్క. గోడలో ఎలక్ట్రాన్లు కూడా వెంటబడి తిరుగుతాయి కాబట్టి అవి ఎంత కొట్టేస్తాయో కాగితం మీద పూర్తిగా చేసి చూడాలి.

దీప్తి_తార్నాక

పూర్తిగా కొట్టేస్తాయని నా అనుమానం మాస్టారూ. గోడ మీది −1 కూడా అదే వేగంతో తిరుగుతోంది కదా.

నల్లకుంట_మాస్టారు

తిరిగేది ఛార్జ్ మచ్చ, ఎలక్ట్రాన్లు చుట్టూ తిరగనక్కర్లేదు. వెనకవి లోహం మందంలోంచి అడ్డంగా ముందుకు పోవచ్చు. ఆదివారం కూర్చుని చేస్తాను, మీరూ చేయండి, ఎవరిది తప్పో చూద్దాం.

కూకట్‌పల్లి_నాన్న

మా వాడు ఇది చదివి తిప్పుతున్న ఛార్జ్ బొమ్మ నోట్‌బుక్ వెనక పేజీలో వేసుకుంటున్నాడు. సోమవారం వాడికి కెమిస్ట్రీ పరీక్ష ఉంది. మాస్టారూ, ఆదివారం జవాబు కొంచెం రాత్రి పొద్దుపోయాక పెట్టండి.